క్లాజు సంఖ్య జరిగితే లెక్క మారుతుంది: ఇంగ్లిష్ బాడుగ ఒప్పందాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు

అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లో ఇల్లు బాడుగకు ఇవ్వడం చాలాకాలం పాటు నోటిమాటతోనో, దస్తావేజు లేఖరి రాసిన ఒక పేజీ కరారుతోనో జరిగిపోయేది. ఉద్యోగి తరఫున కంపెనీయే ఇల్లు తీసుకునే సందర్భాలు పెరగడంతో, ముఖ్యంగా బెంగళూరుకు దగ్గరగా ఉన్న అనంతపురంలో, ఇంటి యజమాని చేతికి ఇప్పుడు ఎనిమిది, పది పేజీల ఇంగ్లిష్ చిత్తు వస్తోంది. సంతకం పెట్టేముందు అందులో ఏముందో తెలుసుకోవాలని యజమాని దాన్ని తెలుగు చేయించుకుంటారు. ఆ తెలుగు ప్రతి చదవడానికి సాఫీగానే ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసే రోజున ఇరువైపులా లెక్కలు వేసినప్పుడు మాత్రం రెండు ప్రతుల్లో రెండు వేర్వేరు మొత్తాలు తేలుతుంటాయి. భాష రాకపోవడం వల్ల ఇలా జరిగేది తక్కువ. క్లాజుల సంఖ్యలు జరిగిపోవడం, నిర్వచించిన పదాలు ఒక్కోచోట ఒక్కో రూపంలో కనిపించడం, ఈ రెండే ఎక్కువ సందర్భాల్లో మూలకారణాలు.

సంక్షిప్తంగా

ఇంగ్లిష్ ఒప్పందంలో క్లాజులు ఒకదానినొకటి సంఖ్యలతో పిలుచుకుంటాయి. నిర్వచించిన పదాలు పెద్దక్షరాలతో గుర్తుపట్టేలా ఉంటాయి. తెలుగు లిపిలో పెద్దక్షరాలు లేవు, తెలుగు దస్తావేజు సంప్రదాయంలో క్లాజు సంఖ్యలకు అంత పట్టు లేదు. అందువల్ల అనువాదానికి ముందే పదాల పట్టిక తయారు చేసుకుని, మూలంలోని సంఖ్యలను కదపకుండా ఉంచి, చివర క్లాజు వారీగా సరిచూస్తే తప్ప రెండు ప్రతులూ ఒకే మాట చెప్పవు.

రెండు సంప్రదాయాల మధ్య తేడా

పాత తెలుగు దస్తావేజు ఒక్కటే పొడవైన వాక్యంలా నడుస్తుంది. ఫలానా వారికి ఫలానా వారు ‘వ్రాసి ఇచ్చిన బాడుగ కరారునామా యేమనగా’ అని మొదలై, షరతులన్నీ ఒకదాని వెంట ఒకటి చేరి, చెక్కుబందీతో, సాక్షుల సంతకాలతో ముగుస్తుంది. అందులో ముందు చెప్పిన విషయాన్ని మళ్లీ ప్రస్తావించాలంటే ‘సదరు’, ‘పైన తెలిపిన’, ‘ఈ దిగువ’ అనే మాటలు సరిపోతాయి. ఒక పేజీ కాగితంలో ‘సదరు ఇల్లు’ అంటే ఏ ఇల్లో ఎవరికీ సందేహం రాదు.

ఇంగ్లిష్ నమూనా పద్ధతి వేరు. మొదటి క్లాజులో కొన్ని పదాలకు అర్థాలు చెప్పి, ఆ తర్వాత ఆ పదం ఎక్కడ పెద్దక్షరంతో కనిపించినా ఆ అర్థమే తీసుకోవాలంటుంది. షరతుల మధ్య సంబంధాన్ని సంఖ్యలతో చూపుతుంది. తొమ్మిదో క్లాజులోని మాట ఐదో క్లాజుకు లోబడి ఉంటే, ఆ ఐదు అనే అంకె మీదే మొత్తం అర్థం ఆధారపడి ఉంటుంది. దస్తావేజు శైలికి అలవాటుపడిన చేయి ఈ నమూనాను తెలుగు చేసేటప్పుడు తెలియకుండానే ‘సదరు షరతు ప్రకారం’ అని రాస్తుంది. పది పేజీల పత్రంలో సదరు షరతు ఏదో తేల్చడం ఎవరి వల్లా కాదు. ఇంకొక జారుడు కూడా ఇక్కడే ఉంది. పాత కరారులో రాసి ఇచ్చేవారు ‘నేను’ అని, పుచ్చుకునేవారు ‘మీరు’ అని ఉంటారు. ఇంగ్లిష్ చిత్తులో ఇద్దరూ ప్రథమ పురుషలోనే ఉంటారు. మధ్యలో ఒక్క క్లాజు ‘నేను చెల్లించవలసినది’ అని వచ్చిందంటే ఆ ‘నేను’ యజమానా, బాడుగకు ఉన్నవారా అనేది వాదనకు వదిలేసినట్టే.

ఒక నమూనా: సంఖ్య జరిగినప్పుడు

అనంతపురంలో ఒక భవనం ఉందనుకుందాం. కింద యజమాని ఉంటారు, పై అంతస్తులో తూర్పువైపు మూడు గదుల పోర్షన్ ఒక కంపెనీకి ఇస్తున్నారు. నెలకు 12,000 రూపాయల బాడుగ, 60,000 రూపాయల ధరావతు, 11 నెలల ఒప్పందం. మొదటి 6 నెలలు ఖాళీ చేయకూడదనే లాకిన్ షరతు ఉంది. కంపెనీ పంపిన ఇంగ్లిష్ చిత్తులో పన్నెండు క్లాజులు ఉన్నాయి. మొదటి క్లాజు నిర్వచనాలది. రెండోది, శీర్షికలు చదవడానికి వీలుగా పెట్టినవే తప్ప అర్థాన్ని మార్చవని, ఏకవచనంలో బహువచనం కూడా కలిసి ఉంటుందని చెప్పే మూడు లైన్లు. ఐదోది ధరావతుది. అందులో 5.3 కింద యజమాని ధరావతు నుంచి ఏయే మొత్తాలు మినహాయించుకోవచ్చో ఉంది. ఆరోది మరమ్మతులది. అందులో 6.3 ప్రకారం, చెప్పిన 15 రోజుల్లో యజమాని మరమ్మతు చేయించకపోతే బాడుగదారు తానే చేయించి ఆ ఖర్చును తర్వాతి నెల బాడుగలో మినహాయించుకోవచ్చు. తొమ్మిదోది రద్దుకు సంబంధించినది. లాకిన్ వ్యవధి ముగియకముందే ఖాళీ చేస్తే మిగిలిన లాకిన్ నెలల బాడుగను ‘5.3లో చెప్పిన విధంగా’ మినహాయించాలని 9.2 చెబుతుంది.

డీటీపీ సెంటర్లో అనువాదం టైపు చేసేటప్పుడు రెండో క్లాజు పనికిరాని మాటగా తోచి తీసేశారనుకుందాం. వర్డ్ ఫైల్లో ఆటోమేటిక్ నంబరింగ్ ఉంటుంది కాబట్టి మూడో క్లాజు రెండు అవుతుంది, మరమ్మతుల క్లాజు ఆరు నుంచి ఐదుకు వస్తుంది, రద్దు క్లాజు ఎనిమిదవుతుంది. వరుస చూడటానికి ఎక్కడా తప్పినట్టు ఉండదు. కానీ రద్దు క్లాజు లోపల ‘5.3’ అనేది ఎవరో చేత్తో టైపు చేసిన అంకె. అది కదలదు. ఇప్పుడు తెలుగు ప్రతిలో 5.3 అంటే మరమ్మతు ఖర్చును బాడుగదారు బాడుగలో మినహాయించుకునే షరతు.

ఈ తప్పులోని అసలు ప్రమాదం అది తప్పులా కనిపించకపోవడమే. 5.3 వేరే విషయానికి, ఉదాహరణకు కరెంటు బిల్లుకు, చూపించి ఉంటే చదివినవారు ఆగి ఆలోచించేవారు. ఇక్కడ రెండు చోట్లా మినహాయింపే మాట. అందువల్ల వాక్యం సాఫీగా చదువుకుంటుంది, యజమాని ధరావతు నుంచి పట్టుకునే మార్గం మాత్రం పత్రంలో నుంచి జారిపోతుంది. చిత్తులో ఒకే క్రియ వాడిన క్లాజులు ఎన్ని ఉంటే ఇలాంటి తప్పు అంత లోతుగా దాక్కుంటుంది.

కాబట్టి మూలంలో ఉన్న క్లాజు ఎంత అనవసరంగా అనిపించినా అనువాదంలో దాని స్థానం ఖాళీ కాకూడదు. ఇరుపక్షాలూ దాన్ని తీసేయాలని ఒప్పుకుంటే కూడా ఆ సంఖ్య దగ్గర ‘తొలగించబడినది’ అని రాసి వదిలేయడం వాడుకలో ఉన్న పద్ధతి. రెండు క్లాజులను ఒకటిగా కలపడం, పొడవైన క్లాజును రెండుగా విడగొట్టడం కూడా ఇదే కారణంతో తగదు. తెలుగులో వాక్యం మరీ పొడవైతే ఆ సంఖ్య కిందే రెండు మూడు వాక్యాలుగా రాసుకోవచ్చు. వాక్యాలు ఎన్నైనా కావచ్చు, సంఖ్య ఒక్కటే ఉండాలి. నిర్వచనాల క్లాజుకు ఇది మరీ వర్తిస్తుంది. ఇంగ్లిష్‌లో నిర్వచనాలు సాధారణంగా ఆ భాష అక్షరక్రమంలో ఉంటాయి. తెలుగులో వాటిని అకారాది క్రమంలోకి మారిస్తే చక్కగానే ఉంటుంది గానీ, 1.4 అన్నది 1.7 అవుతుంది. అందుకే క్రమం చెదిరినట్టు కనిపించినా మూలంలోని వరుసనే ఉంచడం మేలు.

ఉపక్లాజుల అక్షరాలు

అంకెల కంటే అక్షరాలు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఇంగ్లిష్ ఉపక్లాజుల అక్షరాలను తెలుగులో రెండు విధాలుగా రాస్తున్నారు. పత్రికలు రాజ్యాంగంలోని 19(1)(ఎ) అన్నట్టుగా ఎ, బి, సి, డి, ఇ అని పలుకుబడిని రాయడం ఒకటి. అ, ఆ, ఇ, ఈ, ఉ అని తెలుగు అచ్చుల వరుసను వాడటం ఇంకొకటి. దేనికదే సరైనది. చిక్కల్లా రెండూ ఒకే పత్రంలో కలిసినప్పుడు. మొదటి పద్ధతిలో ‘ఇ’ అంటే ఐదో అంశం, రెండో పద్ధతిలో ‘ఇ’ అంటే మూడో అంశం. మొదటి పద్ధతిలో ‘ఎ’ తొలి అక్షరం, రెండో పద్ధతిలో అది ఎక్కడో ఏడో ఎనిమిదో స్థానంలో వస్తుంది. ఏడా, ఎనిమిదా అన్నది కూడా ‘ఊ’ తర్వాత ‘ఋ’ను లెక్కలోకి తీసుకున్నారా లేదా అనే దాని మీద ఆధారపడుతుంది.

ధరావతు మినహాయింపుల జాబితాలో బాకీ బాడుగ, కరెంటు బిల్లు, నీటి చార్జీలు, గోడలకు నష్టం, తాళాలు ఇవ్వకపోతే మార్పించే ఖర్చు అనే ఐదు అంశాలు ఉంటే, 5.3(ఇ) అన్నది ఒకరికి నీటి చార్జీలు, ఇంకొకరికి తాళాల ఖర్చు. ఇంగ్లిష్ ప్రతితో పక్కపక్కన పెట్టి చూసే పత్రమైతే ఎ, బి, సి పద్ధతే నయం, ఎందుకంటే మూలంలోని అక్షరం పలికినట్టే కనిపిస్తుంది. దాని కింద రోమన్ అంకెలతో ఇంకో మెట్టు ఉంటే వాటిని 1, 2, 3 అని మామూలు అంకెల్లో బ్రాకెట్లలో పెట్టి, పత్రం మొదట్లోనే ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యం లేకపోతే అనువాదకుడు తీసుకున్న నిర్ణయం చదివేవారికి తెలిసే దారి లేదు.

డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు ఇంకా వాడుకలో ఉండటం కూడా ఈ గందరగోళానికి ఒక కారణం. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు ఉంటాయి కాబట్టి, ఇంగ్లిష్ ఫైల్లోని ఉపక్లాజు అక్షరానికి ఆ ఫాంటు తగిలితే అది ఏదో ఒక తెలుగు ముక్కగా మారిపోతుంది. ఆపరేటర్ దాన్ని చెరిపి చేత్తో కొత్త అక్షరం కొడతారు. అక్కడ అ పెట్టాలా, ఎ పెట్టాలా అనేది ఆ క్షణంలో చేతికి ఏది తోస్తే అది.

నిర్వచించిన పదం: ఒక పేరు, ఒక అర్థం

పై నమూనాలోనే లాకిన్ షరతును మళ్లీ చూద్దాం. మూలంలో మూడు వేర్వేరు వ్యవధులు ఉన్నాయి: 11 నెలల ఒప్పందం, 6 నెలల లాకిన్, 30 రోజుల నోటీసు. వీటితోపాటు ప్రతి నెలా 5వ తేదీలోగా బాడుగ కట్టాలనే తేదీ ఒకటి. తెలుగులో ఈ నాలుగింటికీ ‘గడువు’ అనే మాట సహజంగా నప్పుతుంది. నప్పుతుంది కాబట్టే వాడేస్తారు. అప్పుడు 9.2 ‘గడువు ముగియకముందే ఖాళీ చేసినచో మిగిలిన గడువుకు బాడుగ మినహాయించబడును’ అని తయారవుతుంది.

కంపెనీ నాలుగు నెలలకే ఖాళీ చేసిందనుకుందాం. ఇంగ్లిష్ ప్రతి ప్రకారం మిగిలిన లాకిన్ 2 నెలలు, అంటే 24,000 రూపాయలు పోను ధరావతులో 36,000 తిరిగి రావాలి. తెలుగు ప్రతిలోని గడువును 11 నెలలుగా చదివితే మిగిలింది 7 నెలలు, 84,000 రూపాయలు. అంటే ధరావతు మొత్తం పోయి, పైన ఇంకో 24,000 బాకీ పడుతుంది. ఒక్క పదం వల్ల రెండు లెక్కల మధ్య 60,000 రూపాయల తేడా వచ్చింది. 84,000 మొత్తాన్నీ న్యాయస్థానం ఇప్పిస్తుందని చెప్పలేం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో పేర్కొన్న మొత్తానికి మించకుండా సహేతుకమైన పరిహారమే దక్కుతుంది. అయినా అంతదాకా వెళ్లే ఖర్చు, కాలహరణం అదనమే కదా.

ధరావతు విషయంలో తప్పు వాడుక భాష నుంచి వస్తుంది. రాయలసీమలో ఇంటికి కట్టే డబ్బును అందరూ ‘అడ్వాన్సు’ అనే అంటారు. ముందుగా కట్టిన బాడుగ అని దానికి ఒక అర్థం, ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇచ్చే పూచీ సొమ్ము అని ఇంకో అర్థం. అనువాదంలో ఐదో క్లాజు ‘ధరావతు’ అని, తొమ్మిదో క్లాజు ‘అడ్వాన్సు’ అని అంటే, చివరి నెలల బాడుగను అందులో సర్దుకోవచ్చని వాదించడానికి దారి ఏర్పడుతుంది. ‘లీజు’ మాట ఇంకా జాగ్రత్తగా వాడవలసినది. బెంగళూరు వాడుకలో లీజు అంటే పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి, నెలనెలా బాడుగ లేకుండా ఉండటం. అక్కడ ఉండి వచ్చిన వారికి పత్రం పైన ‘లీజు ఒప్పందం’ అనే శీర్షిక కనిపిస్తే ఆ ఏర్పాటే గుర్తుకు వస్తుంది. ‘బాడుగ ఒప్పందం’ అనో, ‘అద్దె ఒప్పందం’ అనో రాసి, ఎంచుకున్న ఆ మాటనే చివరిదాకా వాడటం మంచిది. బాడుగ, అద్దె, కిరాయి మూడూ సరైన మాటలే గానీ ఒకే పత్రంలో మూడూ ఉండకూడదు.

భవనం, పోర్షన్ అనే రెండు పదాలదీ ఇదే కథ. మూలంలో ఈ రెండింటికీ వేర్వేరు నిర్వచనాలు ఉంటే, తెలుగులో రెండూ ‘ఇల్లు’ అయిపోతాయి. ఖాళీ చేసేటప్పుడు ఇంటికి రంగులు వేయించాలనే షరతు మూడు గదులకా, యజమాని ఉంటున్న కింది అంతస్తుతో సహా మొత్తానికా?

వెతికితే దొరికే పదాన్ని ఎంచుకోవడం

పెద్దక్షరాలు లేని లోటును తీర్చడానికి కొందరు నిర్వచించిన పదాన్ని ప్రతిచోటా ముద్దక్షరాలతోనో, ఉద్ధరణ చిహ్నాల మధ్యో పెడతారు. ముద్దక్షరాలు జిరాక్సు కాపీలో మసకబారినా కొంత మేరకు నిలుస్తాయి. ఉద్ధరణ చిహ్నాలు ప్రతి వాక్యంలో ఉంటే చదవడం కష్టమవుతుంది. వీటికంటే నమ్మకమైన మార్గం, మామూలు వాక్యంలో అనుకోకుండా రాని రెండు మాటల జంటను ఎంచుకోవడం. ‘ఒప్పంద వ్యవధి’, ‘లాకిన్ వ్యవధి’, ‘నోటీసు వ్యవధి’ అలాంటివి. తేదీకి మాత్రం ‘చెల్లింపు తేదీ’ అని విడిగా పెట్టాలి.

ఎంచుకునేటప్పుడు విభక్తులను కూడా చూసుకోవాలి. తెలుగు నామవాచకాలు విభక్తి చేరినప్పుడు రూపం మార్చుకుంటాయి. ‘ఇల్లు’ అనే పదాన్ని Ctrl+F తో వెతికితే ‘ఇంటి’, ‘ఇంట్లో’, ‘ఇంటికి’ ఏవీ దొరకవు. ‘కాలం’ అని వెతికితే ‘కాలాన్ని’, ‘కాలపు’ తప్పించుకుంటాయి. ‘వ్యవధి’, ‘ధరావతు’, ‘బాడుగదారు’, ‘పోర్షన్’ లాంటివి వ్యవధిలో, ధరావతును, బాడుగదారుకు, పోర్షన్‌లో అన్నట్టుగా మొదలు చెక్కుచెదరకుండా ఉంటాయి. సున్నాతో ముగిసే పదమే కావలసివస్తే సున్నా వదిలి వెతకాలి. ‘భవన’ అని కొడితే భవనం, భవనాన్ని, భవనపు మూడూ వస్తాయి.

క్లాజు వారీగా సరిచూడటం

సరిచూడటానికి అనువాదం మొత్తం మళ్లీ చదవడం కంటే రెండు చిన్న పనులు ఎక్కువ ఫలితం ఇస్తాయి. మొదటిది, ఇంగ్లిష్ ప్రతిలో ఏ క్లాజు ఏ క్లాజును ప్రస్తావిస్తోందో ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి జంటనూ తెలుగు ప్రతిలో తెరిచి, అవతల ఉన్న షరతు విషయం అదేనా అని చూడటం. అంకె కలిసిందా అని మాత్రమే చూస్తే పై నమూనాలోని తప్పు దొరకదు, అక్కడ అంకె రెండు ప్రతుల్లోనూ 5.3 గానే ఉంది. మూల ఫైల్లో ప్రస్తావనలు క్రాస్ రిఫరెన్సులుగా పెట్టినవైతే Ctrl+A, తర్వాత F9 నొక్కగానే అవి కొత్త సంఖ్యలకు మారతాయి. చేత్తో టైపు చేసినవి మారవు, కాబట్టి ఏవి ఏ రకమో అక్కడే బయటపడుతుంది.

రెండోది, నిర్వచించిన ప్రతి పదం ఒక్కో క్లాజులో ఎన్నిసార్లు వచ్చిందో రెండు ప్రతుల్లోనూ లెక్కపెట్టడం. లెక్క ఎప్పుడూ సరిసమానంగా ఉండదు. తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడపడం సహజం, కాబట్టి తెలుగు లెక్క కొంచెం తగ్గుతుంది. తగ్గిన ప్రతిచోటా ఆగి, ఆ పని ఎవరు చేయాలో వాక్యంలో ఉందా అని చూడాలి. ‘15 రోజులలోగా ధరావతును తిరిగి చెల్లించవలెను’ అన్నది ఫర్వాలేదు. ‘15 రోజులలోగా మరమ్మతు చేయించవలెను’ అన్నది కుదరదు, ఎందుకంటే ఆ పని ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. తెలుగు లెక్క మూలం కంటే పెరిగిందంటే వేరే పదం ఉండాల్సిన చోట ఇది వచ్చి కూర్చుందేమో చూసుకోవాలి.

ఏ ప్రతి చెల్లుతుంది

ఇంగ్లిష్ ప్రతి మీద మాత్రమే సంతకాలు జరిగితే తెలుగు ప్రతి అర్థం చేసుకోవడానికి ఉపకరించే కాగితం మాత్రమే. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 94, 95 సెక్షన్లు రాతపూర్వక ఒప్పందం విషయంలో ఆ రాతనే ప్రధానంగా తీసుకోవాలంటాయి. రెండు ప్రతుల మీదా సంతకాలు ఉంటే తేడా వచ్చినప్పుడు ఏది నిలుస్తుందో చెప్పే క్లాజు రెండింటిలోనూ ఒకే సంఖ్య కింద ఉండాలి. అది లేకపోతే కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ చెప్పే సమ్మతి, అంటే ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడం, జరిగిందా లేదా అనే ప్రశ్నకే తలుపు తెరుచుకుంటుంది. ప్రింటు తీశాక సంఖ్య తప్పు కనిపించి పెన్నుతో దిద్దితే, దిద్దిన చోటల్లా ఇరుపక్షాలూ సంతకమో, పొడి సంతకమో పెట్టాలి. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 20వ సెక్షన్ ప్రకారం అలా ధ్రువపరచని దిద్దుబాట్లున్న పత్రాన్ని రిజిస్టరింగ్ అధికారి తిరస్కరించవచ్చు.

తప్పు మూలంలోనే ఉంటే

ఇంగ్లిష్ చిత్తులన్నీ శుద్ధంగా ఉంటాయనుకోవడానికి లేదు. చాలావరకు పాత నమూనాల్లోంచి ముక్కలు తెచ్చి అతికినవే. మొదటి పది క్లాజుల్లో ఇల్లు బాడుగకు ఇచ్చినట్టు ఉండి, పదకొండో క్లాజులో ఎక్కడి నుంచో వచ్చిన లైసెన్సు, అంటే ఆస్తిలో హక్కు ఇవ్వకుండా వాడుకోవడానికి ఇచ్చే అనుమతి, అనే మాట కనిపిస్తుంది. బాడుగ హక్కు, లైసెన్సు చట్టంలో ఒకటి కావు. మొదటిది ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 105వ సెక్షన్ కిందికి, రెండోది అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. పత్రం పేరును కాక అసలు ఏర్పాటు స్వభావాన్నే చూడాలని సుప్రీంకోర్టు 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో చెప్పింది గానీ, ఆ స్వభావాన్ని తేల్చడానికి చూసేది పత్రంలోని ఈ మాటలనే.

ఇలాంటి చోట పదకొండో క్లాజులో కూడా ‘యజమాని’, ‘బాడుగదారు’ అని సవరించి రాయాలని అనువాదకుడికి అనిపిస్తుంది. అలా రాస్తే తెలుగు ప్రతి మూలం కంటే మెరుగ్గా ఉంటుంది, మూలంతో మాత్రం సరిపోదు. తెలుగులో ‘లైసెన్సుదారు’ అని ఉన్నదున్నట్టు ఉంచి, క్లాజు సంఖ్యతో సహా ఆ సంగతిని చిత్తు పంపినవారికి రాసి పంపాలి. వారు ఇంగ్లిష్‌లో సవరించి పంపిన తర్వాతే తెలుగులో ఆ పదం మారాలి, దానితోపాటు పదాల పట్టికలో కూడా.